పర్లాకిమిడి రుణ సంస్థ నుంచి ఖాతాదారుల వివరాలు బయటికి: బ్యాంకు ఖాతాలకు నేరుగా ముప్పు లేదు, వేలిముద్ర వేసినవారు మాత్రం జాగ్రత్తపడాలి

పర్లాకిమిడి, బుధవారం: పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం శాఖల ద్వారా ద్విచక్ర వాహనాలకు అప్పులిచ్చే ఒక ప్రైవేటు సంస్థకు చెందిన 11,400 మంది ఖాతాదారుల వివరాలు 19 రోజుల పాటు ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరిచి చూడగలిగే స్థితిలో ఉండిపోయాయి. మంగళవారం సాయంత్రం సంస్థ ఈ విషయాన్ని అంగీకరించింది. దరఖాస్తుపై సంతకం చేసినవారి విషయంలో, బయటపడిన వివరాలతో నేరుగా బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీయడం కుదరదు. అయితే సంతకానికి బదులు వేలిముద్ర వేసిన 340 మంది మాత్రం ఆలస్యం చేయకుండా ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవాలి.

సంస్థ పేరు చెప్పి మోసపు ఫోన్లు చేసేవారికి దారి చూపినట్టు కాకూడదని ఆ పేరును ప్రస్తుతానికి ప్రచురించడం లేదు. శుక్రవారంలోగా ఖాతాదారులందరికీ తెలుగు, ఒడియా భాషల్లో సందేశం పంపుతామని సంస్థ తెలిపింది.

దీన్ని హ్యాకింగ్ అనడం సరికాదు. పాత దరఖాస్తుల నకళ్లను అద్దెకు తీసుకున్న సర్వరులోకి మార్చినప్పుడు పాస్‌వర్డు అడిగే ఏర్పాటు చేయకుండా వదిలేశారు. ఎవరూ తాళం పగలగొట్టలేదు, గడియ వేయడమే మరిచారు. బయటివారు ఒకరు గమనించి హెచ్చరించేదాకా సంస్థలో ఎవరికీ ఈ సంగతి తెలియలేదు. సర్వరులో నమోదైన రాకపోకలను బట్టి చూస్తే, హెచ్చరించిన వ్యక్తి కాక మరొకరు కూడా ఆ దస్త్రాలన్నిటినీ దించుకున్నట్టు కనిపిస్తోంది. అందువల్ల ఒక నకలు బయట ఉన్నదనే అనుకోవాలి. ‘దుర్వినియోగం జరిగినట్టు ఆధారాలు లేవు’ అని సంస్థ చెబుతున్న మాట ఇవాళ్టికి నిజమే కావచ్చు గానీ, రేపటికి హామీ కాదు.

బయటపడిన పట్టికలో పేరు, చిరునామా, ఫోన్ నంబరు, వాహనం వివరం, అప్పు మొత్తం, మిగిలిన వాయిదాలు ఉన్నాయి. ఆధార్ సంఖ్యలో చివరి 4 అంకెలే ఉన్నాయి. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్‌లు, కార్డు నంబర్లు ఆ సంస్థ అసలు తీసుకోదు కాబట్టి అవి పోయే ప్రశ్నే లేదు. ఆధార్ ప్రాధికార సంస్థ దగ్గరి వివరాలకూ దీనికీ సంబంధం లేదు.

వేలిముద్ర వేసినవారి సంగతి వేరు. వారి దరఖాస్తులను పూర్తి ఆధార్ నకలుతో సహా స్కాన్ చేసి ఉంచారు. కాగితంపై పడిన ముద్రల నుంచి నకిలీ అచ్చులు చేసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల ద్వారా డబ్బు కాజేసిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో ఇదివరకే నమోదయ్యాయి. ఈ పద్ధతిలో ఓటీపీ అవసరం ఉండదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ఆధార్ యాప్‌లో గానీ ఆధార్ వెబ్‌సైటులో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. అవసరమైనప్పుడు ఆ లాక్‌ను మళ్లీ తీసుకోవచ్చు.

ఈ తేడా తెలియకపోవడం వల్లే బుధవారం ఉదయం పట్టణంలోని ఒక బ్యాంకు ముందు జనం గుమిగూడారు. ‘ఆధార్‌లన్నీ అమ్మేశారు, మధ్యాహ్నానికల్లా ఖాతాలు ఖాళీ’ అన్న వాట్సాప్ ఆడియో తెల్లవారుజాము నుంచే పాతపట్నం దాకా తిరిగింది. పాస్‌బుక్కును పాల ప్యాకెట్టు కవరులో చుట్టుకొని వరుసలో నిలబడిన ఒక టైలరు, ఉన్న 6,200 రూపాయలనూ తీసేసుకుంటానని పట్టుబట్టారు. ఆయన దరఖాస్తుపై సంతకమే చేశారని, వేలిముద్ర వేయలేదని గుమస్తా అడిగి తెలుసుకుని చెప్పాక పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకుని వెళ్లిపోయారు.

మిగతా ఖాతాదారులకు ఎదురయ్యే ముప్పు ఫోన్ల రూపంలో వచ్చే అవకాశమే ఎక్కువ. ‘మీ బండికి ఇంకా 7 వాయిదాలున్నాయి, ఇవాళ కడితే వడ్డీ మాఫీ’ అని సరైన లెక్క చెప్పినంత మాత్రాన అవతలి మనిషి సంస్థవాడని నమ్మకూడదు. ఆ లెక్కే ఇప్పుడు బయట ఉంది. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఇలాంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. తెలియజేశామని సంస్థ అంటోంది గానీ, ఏ గంటకు అన్న ప్రశ్నకు జవాబివ్వలేదు.

స్మార్ట్‌ఫోన్ లేనివారికి బయోమెట్రిక్ లాక్ పెట్టించేందుకు గురువారం నుంచి 3 శాఖల్లోనూ ఉదయం 10 గంటలకు ప్రత్యేక కౌంటరు తెరుస్తారు. ఆధార్‌తో ముడిపడిన ఫోన్‌ను వెంట తెచ్చుకోవాలి. ఆ నంబరు మారిపోయినవారు ముందుగా ఆధార్ కేంద్రానికి వెళ్లవలసి ఉంటుంది.