బి.ఏ. చరిత్ర, ఐదవ సెమిస్టర్, ఇంటర్నల్ పరీక్ష
రువాండా, 1994: కారణాలు, ప్రపంచ స్పందన

సమయం: 2 గంటలు. మార్కులు: 50. అన్ని ప్రశ్నలకూ జవాబు రాయాలి.

రాసే ముందు ఇది చదవండి

1994 ఏప్రిల్ నుంచి జులై దాకా, దాదాపు వంద రోజుల్లో రువాండాలో లక్షల మంది టుట్సీలను చంపారు. ఈ హత్యలను వ్యతిరేకించిన హుటూలు కూడా ప్రాణాలు కోల్పోయారు. ఆ కుటుంబాల వాళ్లు నేటికీ మన మధ్య బతుకుతున్నారు. ఎవరిని ఎలా చంపారో వర్ణిస్తే ఒక్క మార్కు కూడా రాదు. బాధితుడిగానో హంతకుడిగానో ఊహించుకుని రాయమని ఏ ప్రశ్నా అడగదు, మీరూ రాయకండి. "హింస చెలరేగింది" అని సరిపెట్టవద్దు. ఎవరు ఆదేశించారు, ఎవరు పాటించారు, ఎవరు కాదన్నారు, ఎవరు చూస్తూ ఊరుకున్నారు: అది రాయండి.

ఇలాంటి అనుభవం మీ ఇంట్లోనో ఊళ్లోనో ఉండి రాయడం కష్టమైతే 3వ ప్రశ్న వదిలి, దాని కింద ఉన్న 3(అ) రాయవచ్చు. కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాసేపు బయటికి వెళ్లాలనిపిస్తే ఇన్విజిలేటర్‌కు చెప్పండి, పోయిన సమయం కలిపి ఇస్తారు.

1. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రువాండా బెల్జియం పాలనలోకి వచ్చింది. 1930లలో ఆ పాలకులు ప్రతి ఒక్కరికీ హుటూ, టుట్సీ, ట్వా అని రాసిన గుర్తింపు కార్డులు ఇచ్చారు. 1994లో రోడ్ల మీద అడ్డుపెట్టి తనిఖీ చేసినవాళ్లు చూసింది అలాంటి కార్డునే. జనాభా లెక్కల కోసం మొదలైన వర్గీకరణ ఆరు దశాబ్దాల తర్వాత ప్రాణం తీసే సాధనంగా ఎలా మారింది? మధ్యలో ఎవరెవరి నిర్ణయాలు ఉన్నాయి? (8)

2. "అది తరతరాల తెగల పగ" అని అప్పట్లో చాలామంది విలేకరులు, దౌత్యవేత్తలు అన్నారు. ఈ వాదనను పరిశీలించండి. 1959 తర్వాత దేశం విడిచిన టుట్సీ శరణార్థులు, 1990 అక్టోబరులో రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ దాడి, 1993 ఆగస్టు అరూషా ఒప్పందం, 1994 ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా విమానం కూల్చివేత: వీటిలో కనీసం మూడింటిని వాడండి. విమానం కూలడం ఒక్కటే కారణమైతే, మర్నాడే హుటూ అయిన ప్రధాని అగాతే ఉవిలింగియిమానాను ఎందుకు చంపారో కూడా వివరించాలి. (12)

3. ఆర్.టి.ఎల్.ఎం. రేడియో 1993 జులైలో ప్రసారాలు మొదలుపెట్టింది. అది వాడిన దూషణలను ఈ పేపర్‌లో ఇవ్వలేదు, జవాబులో మీకూ అవసరం లేదు. పొరుగువారి మీద జనాన్ని ఉసిగొల్పడానికి ఒక్క రేడియో చాలుతుందా? ఇంకేం కలవాలి? (8)

లేదా 3(అ). 1948 ఒప్పందం ప్రకారం ఒక నేరాన్ని జాతి నిర్మూలనగా తేల్చాలంటే ఏం రుజువు కావాలి? ఉద్దేశాన్ని నిరూపించడం ఎందుకు కష్టం? (8)

4. కింది వివరాలు చదవండి.

1994 జనవరి 11న ఐరాస దళాధిపతి జనరల్ రోమియో డల్లేర్ న్యూయార్క్‌కు టెలిగ్రాం పంపారు. ఆయుధాలు దాచిన చోట్లున్నాయని, కిగాలీలోని టుట్సీల జాబితా తయారు చేయమన్నారని ఒక ఇన్ఫార్మర్ చెప్పినట్టు అందులో ఉంది. ఆయుధాలు స్వాధీనం చేసుకుంటానన్నారు. ప్రధాన కార్యాలయం వద్దంది. ఏప్రిల్ 7న పది మంది బెల్జియం సైనికులను చంపారు. బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది. ఏప్రిల్ మొదట్లో సుమారు 2,500 మంది ఉన్న ఐరాస బలగాన్ని 270కి తగ్గించాలని ఏప్రిల్ 21న భద్రతామండలి తీర్మానించింది. ఆ ఏడాది మండలిలో రువాండా ప్రభుత్వమే ఒక సభ్యురాలు. డల్లేర్ వెళ్లిపోలేదు, ఘనా సైనికులు ఆయనతో ఉన్నారు. కిగాలీ అమహోరో స్టేడియంలో వేల మంది వాళ్ల నీడలో తలదాచుకున్నారు.

(క) జనవరిలో న్యూయార్క్‌కు ఏం తెలుసు, ఏం తెలియదు? ఆ తర్వాత జరిగింది పక్కనపెట్టి, ఆ రోజున వారి చేతిలో ఉన్న సమాచారం ఆధారంగానే రాయండి. (5)
(ఖ) ఏప్రిల్ 21 తీర్మానానికి బదులు ఇంకేం చేసి ఉండవచ్చు? దానికి ఏ వనరులు, ఎవరి అంగీకారం కావాల్సి వచ్చేది? (7)

5. జాన్ పాల్ అకయేసు కేసులో 1998 సెప్టెంబరు 2న అరూషా ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు, ఒక అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి జాతి నిర్మూలన నేరం రుజువైందని తేల్చిన మొదటి తీర్పు. అత్యాచారం కూడా ఆ నేరంలో భాగం కావచ్చని ఆ తీర్పే చెప్పింది. సాక్షుల భద్రత కోసం వారి పేర్లకు బదులు అక్షరాలు వాడారు. మరోవైపు ఊరివాళ్లే జడ్జీలుగా కూర్చున్న గచాచా కోర్టులు 2012 దాకా లక్షల కేసులు విన్నాయి, అక్కడ నిందితులకు లాయర్లు లేరు. బతికి బయటపడ్డవారికి, నిందితులకు, పక్కపక్కన బతకాల్సిన ఊరికి: ఎవరికి ఏ మార్గం ఎంత న్యాయం చేసింది? (10)

పేపర్లు దిద్దేవారికి

2లో తేదీల వరుస మాత్రమే ఉంటే ఐదుకు మించి వేయవద్దు. 4(ఖ)లో మన అభిప్రాయానికి సరిపోని జవాబైనా, ఆధారాలు ఉంటే పూర్తి మార్కులు వేయండి. రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ సైనికులు చేసిన హత్యలను ఎవరైనా ప్రస్తావిస్తే అది అవసరమైన విషయమే, కానీ టుట్సీల నిర్మూలనను చిన్నది చేయడానికి దాన్ని వాడితే మార్జిన్‌లో ఒక మాట రాసి మార్కు తగ్గించండి. తన సొంత బాధ రాసిన విద్యార్థి పేపర్‌ను స్టాఫ్‌రూంలో బయటికి చదవద్దు. నాకు విడిగా ఇవ్వండి, నేను ఆ విద్యార్థితో మాట్లాడతాను.