ఆన్‌లైన్ పోర్టల్‌లో సంరక్షకులకు, విద్యార్థులకు వేర్వేరు లాగిన్లు: తల్లిదండ్రులకు ప్రకటన

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

మన పాఠశాల ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇప్పటిదాకా ఒక్కో విద్యార్థికి ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ ఉండేవి. వచ్చే నెల 1వ తేదీ నుంచి ఈ పద్ధతి మారుతుంది. ఇకపై ప్రతి సంరక్షకునికీ విడిగా ఒక ఖాతా, 6 నుంచి 10వ తరగతి వరకు చదువుతున్న ప్రతి విద్యార్థికీ విడిగా ఒక ఖాతా ఉంటాయి. ఏ ఖాతాలో ఏమి కనిపించాలో, దేనిని మార్చవచ్చో, దేనికి అనుమతి ఇవ్వవచ్చో వేర్వేరుగా నిర్ణయించాం. పాత లాగిన్లు వచ్చే నెల 15వ తేదీ సాయంత్రం 5 గంటల వరకు సమాచారం చూసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి, ఆ తర్వాత పూర్తిగా రద్దవుతాయి. కాబట్టి ఈ ప్రకటనను చివరిదాకా చదివి, ఆ గడువులోగా మీ కొత్త ఖాతాను తెరవవలసిందిగా కోరుతున్నాను.

ఈ మార్పు ఎందుకు అవసరమైందో ముందుగా చెప్పడం నా బాధ్యత. కిందటి సంవత్సరం ఉన్నత తరగతుల్లో ఒక విద్యార్థి పేరిట రెండు రోజుల సెలవు కోరుతూ రాత్రి వేళ పోర్టల్‌లో ఒక అర్జీ వచ్చింది. అది తల్లి పేరుతోనే ఉండటంతో క్లాస్ టీచర్ మర్నాడు ఉదయమే ఆమోదించారు. ఆ సెలవు సంగతి తల్లికి మూడు వారాల తర్వాత, హాజరు పట్టిక చూసినప్పుడు గానీ తెలియలేదు. ఆ పిల్లవాణ్ని తప్పుపట్టాలని ఈ సంగతి చెప్పడం లేదు. హోంవర్క్ చూసుకోవడానికి వాడికి తల్లి పాస్‌వర్డ్ ఇవ్వక తప్పని ఏర్పాటు చేసింది మేమే. పిల్లలు పాఠం చూసుకునే తాళంచెవితోనే పెద్దల సంతకం కూడా పెట్టగలిగేలా ఉండటం మా లోపం. అదే పద్ధతి వల్ల మరికొందరికి ఇంకో రకమైన ఇబ్బంది కలిగింది. ఉద్యోగరీత్యా దూరంగా ఉంటున్న తండ్రులు, తల్లులు పిల్లల హాజరు తెలుసుకోవాలంటే ఇంట్లో ఉన్నవారికి ఫోన్ చేసి ఓటీపీ అడగవలసి వచ్చేది. అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరుగుతున్న పిల్లల విషయంలో, రోజూ బడికి తెచ్చి దింపే పెద్దవారికి పోర్టల్‌లో చోటే లేదు.

కొత్త పద్ధతిలో ఒక విద్యార్థికి నలుగురు సంరక్షకుల వరకు నమోదు చేయవచ్చు. వీరిలో అడ్మిషన్ రిజిస్టరులో తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకులుగా పేరున్న వారు ప్రధాన సంరక్షకులు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నచోట ఇద్దరికీ సమాన హక్కులుంటాయి. ఒకరి ఖాతా మరొకరి ఖాతాకు లోబడి ఉండదు. హాజరు, మార్కులు, హోంవర్క్, టైంటేబుల్, ఫీజు రసీదులు, ఉపాధ్యాయుల వ్యాఖ్యలు, ఆరోగ్య వివరాలు అన్నీ వారికి కనిపిస్తాయి. సెలవు అర్జీ పెట్టడం, విహారయాత్రలకు సమ్మతి తెలపడం, చిరునామా, ఫోన్ నంబరు మార్చడం, అత్యవసర సమయంలో ఎవరికి ఫోన్ చేయాలో సూచించడం వారి ఖాతా నుంచి మాత్రమే సాధ్యమవుతాయి. ఒకరు ఫోన్ నంబరు మారిస్తే ఆ సంగతి రెండోవారికి వెంటనే సందేశంగా వెళ్తుంది. ఈ ఒక్క సందేశం వల్ల ఎన్నో అపార్థాలు తొలగుతాయని నా నమ్మకం.

మిగిలిన ఇద్దరు సహాయక సంరక్షకులు. అమ్మమ్మ, తాతయ్య, నాయనమ్మ, పెద్దనాన్న, పిన్ని, అక్క ఇలా ఎవరినైనా ప్రధాన సంరక్షకులు తమ ఖాతాలోంచి చేర్చవచ్చు, ఎప్పుడైనా తొలగించవచ్చు. వీరికి హాజరు, హోంవర్క్, టైంటేబుల్, పాఠశాల ప్రకటనలు కనిపిస్తాయి. మార్కులు, ఆరోగ్య వివరాలు కనిపించాలా వద్దా అన్నది మీరే నిర్ణయించవచ్చు. బడి వదిలాక బిడ్డను తీసుకెళ్లే అనుమతి మాత్రం పోర్టల్‌లో పేరు చేర్చినంత మాత్రాన రాదు. దానికి గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డు ఇప్పటిలాగే కార్యాలయంలో విడిగా తీసుకోవాలి.

ఒకే ఇంటి నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు చదువుతుంటే సంరక్షకులకు ఒక్క ఖాతా చాలు. లోపలికి వెళ్లాక పిల్లల పేర్లు వరుసగా కనిపిస్తాయి. అర్జీ పెట్టే ముందు పైన ఎవరి పేరు ఉందో ఒకసారి చూసుకోండి. అన్న పేరిట పెట్టవలసిన సెలవు చెల్లెలి పేరిట పడటం సులభంగా జరిగే పొరపాటు.

ఇక విద్యార్థుల సంగతి. 1 నుంచి 5వ తరగతి వరకు పిల్లలకు విడిగా లాగిన్ ఇవ్వడం లేదు. వారి హోంవర్క్ మీ ఖాతాలోనే కనిపిస్తుంది, దాన్ని పక్కన కూర్చుని చూపించడమే ఆ వయసుకు తగిన పద్ధతి. 6వ తరగతి నుంచి ప్రతి విద్యార్థీ తన టైంటేబుల్, హోంవర్క్, హాజరు, మార్కులు, లైబ్రరీ పుస్తకాల గడువు చూసుకోవచ్చు. రాసిన పనిని ఉపాధ్యాయులకు సమర్పించవచ్చు, పాఠానికి సంబంధించిన సందేహాలు అడగవచ్చు. 9, 10 తరగతుల వారు వీటితో పాటు క్లబ్బుల్లో, పోటీల్లో తమ పేరు తామే నమోదు చేసుకోవచ్చు, అయితే సంరక్షకుల సమ్మతి వచ్చాకే ఆ నమోదు ఖాయమవుతుంది. సెలవు అర్జీ, ఫీజు వివరాలు, చిరునామా, ఇతర కుటుంబ సభ్యుల ఫోన్ నంబర్లు ఏ తరగతి విద్యార్థి ఖాతాలోనూ కనిపించవు.

మార్కుల విషయంలో కొందరు తల్లిదండ్రులు నాతో ప్రత్యేకంగా మాట్లాడారు. ముందు మీకు, ఒక రోజు తర్వాత పిల్లలకు కనిపించేలా చేయమని వారు కోరారు. ఆ కోరిక వెనుక ఉన్న ఆదుర్దా నాకు అర్థమైంది. కానీ తన మార్కులు తనకంటే ముందు అందరికీ తెలిసిపోయాయన్న భావన పదమూడేళ్ల బిడ్డను ఎంత నొప్పిస్తుందో తరగతి గదిలో చూసినదాన్ని కనుక దానికి ఒప్పుకోలేకపోయాను. మార్కులు ఇద్దరికీ ఒకేసారి కనిపిస్తాయి. అయితే అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షల ఫలితాలను బడి వేళల్లో కాకుండా సాయంత్రం 6 గంటలకు విడుదల చేస్తాం. ఆ సమయానికి బిడ్డ ఇంటికి చేరి ఉంటుంది, మీలో ఎవరో ఒకరు దగ్గర ఉండే వీలుంటుంది.

విద్యార్థులు ఉపాధ్యాయులకు పంపే పాఠ్య సందేహాలు, వాటికి వచ్చిన జవాబులు ప్రధాన సంరక్షకుల ఖాతాలోనూ కనిపిస్తాయి, ఆ సంగతి విద్యార్థి తెర మీద కూడా స్పష్టంగా రాసి ఉంటుంది. పాఠశాల కౌన్సెలర్‌తో మాట్లాడటానికి విద్యార్థి సమయం కోరితే ఆ అర్జీ మాత్రం మీ ఖాతాలో కనిపించదు. దీన్ని మీ నుంచి దాచడంగా భావించవద్దని మనవి చేస్తున్నాను. ఇంట్లో చెప్పడానికి ముందు మరో పెద్దవారి దగ్గర మాటలు కూడదీసుకోవలసిన అవసరం కొందరు పిల్లలకు ఉంటుంది, ఆ దారి మూస్తే వారు ఎవరికీ చెప్పకుండా ఉండిపోతారు. బిడ్డ భద్రతకు ముప్పు ఉందని తెలిసినప్పుడు మేము పోర్టల్‌లో సందేశం పెట్టి ఊరుకోము. అవసరమైన వారితో అదే రోజు స్వయంగా మాట్లాడతాం.

తల్లిదండ్రులు విడివిడిగా ఉంటున్న కుటుంబాల వారు ఒక విషయం గమనించాలి. ఒకరి మాట మీద మరొకరి ఖాతాను తొలగించే అధికారం పాఠశాలకు లేదు. న్యాయస్థానం ఉత్తర్వు ఉంటే దాని ప్రతిని తీసుకుని నేరుగా నన్ను కలవండి. ఉత్తర్వులో ఉన్న మేరకు హక్కులను మారుస్తాం. ఇద్దరి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఒకరివి మరొకరికి కనిపించకుండా ఉంచే వీలు కూడా ఇప్పుడు ఉంది. దీనికి కారణం రాయనక్కర్లేదు, నాకు నోటిమాటగా చెప్పినా సరిపోతుంది.

కొత్త ఖాతా తెరవడం కష్టమైన పని కాదు. 1వ తేదీ ఉదయం మా రికార్డులో ఉన్న మీ మొబైల్ నంబరుకు ఒక లింకు వస్తుంది, అది 72 గంటల పాటు పనిచేస్తుంది. దాన్ని తెరిచి, మీ బిడ్డ అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ నమోదు చేస్తే మీ మొబైల్‌కు ఆరంకెల ఓటీపీ వస్తుంది. అది నమోదు చేశాక మీ పాస్‌వర్డ్‌ను మీరే పెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌లో కనీసం 12 అక్షరాలు ఉండాలి. బిడ్డ పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టేవారు చాలామంది ఉంటారు, తోటి పిల్లలు మొట్టమొదట ఊహించేదీ అదే. ఒకదానితో ఒకటి పొంతన లేని మూడు నాలుగు మాటలను కలిపి రాసుకుంటే గుర్తుంటుంది, ఊహకు అందదు. వరుసగా 5 సార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఖాతా 15 నిమిషాల పాటు తెరుచుకోదు. కంగారు పడకుండా ఆగి మళ్లీ ప్రయత్నించండి. లింకు గడువు దాటిపోయినా, ఫోన్ నంబరు మారిపోయినా, గుర్తింపు పత్రంతో కార్యాలయానికి వస్తే అక్కడికక్కడే కొత్త లింకు ఇస్తాం. నంబరు మార్పును ఫోన్‌లో చెబితే మాత్రం అంగీకరించము, ఎందుకంటే అవతల మాట్లాడుతున్నది ఎవరో తెలుసుకునే మార్గం మాకు లేదు.

విద్యార్థుల తొలి పాస్‌వర్డ్‌ను క్లాస్ టీచర్ మూసిన కవరులో ఇస్తారు, కంప్యూటర్ పీరియడ్‌లో ప్రతి ఒక్కరి చేతా దాన్ని మార్పిస్తాం. మీ పాస్‌వర్డ్‌ను దయచేసి పిల్లలకు ఇవ్వకండి. వారికి కావలసినదంతా వారి ఖాతాలోనే ఉంది. పిల్లల పాస్‌వర్డ్ తెలుసుకోవాలా అన్నది మీ ఇంటి విషయం, అయితే వారి ఖాతాలోని చదువు వివరాలన్నీ మీ ఖాతాలోనూ ఉన్నాయి కనుక ఆ అవసరం రాదు. మీ ఖాతాలో ‘లాగిన్ చరిత్ర’ అనే చోట గత 30 రోజుల్లో ఏ సమయంలో, ఏ పరికరం నుంచి లోపలికి వెళ్లారో కనిపిస్తుంది. మీది కాని లాగిన్ ఏదైనా కనిపిస్తే అక్కడే ఉన్న ‘అన్ని పరికరాల నుంచి బయటికి’ అన్న బటన్ నొక్కి, పాస్‌వర్డ్ మార్చి, మాకు తెలియజేయండి. పాఠశాల తరఫున ఎవరూ, నాతో సహా, మీ ఓటీపీని గానీ పాస్‌వర్డ్‌ను గానీ ఎన్నడూ అడగరు.

స్మార్ట్‌ఫోన్ లేనివారు, వాడటం అలవాటు లేనివారు ఈ మార్పు వల్ల ఏమీ నష్టపోరు. సెలవు చీటీ కాగితం మీద రాసి పంపవచ్చు, ప్రోగ్రెస్ కార్డు ముద్రించిన ప్రతి ఎప్పటిలాగే అందుతుంది. 1 నుంచి 15వ తేదీ వరకు, ఆదివారాలు మినహా, రోజూ సాయంత్రం 4 నుంచి 6 గంటల వరకు కంప్యూటర్ గదిలో ఇద్దరు ఉపాధ్యాయులు మీకోసం ఉంటారు. ఫోన్, అడ్మిషన్ నంబరు రాసి ఉన్న ఏదైనా పాత రసీదు వెంట తెచ్చుకుంటే చాలు. ఈ ప్రకటన అందినట్టు విద్యార్థి డైరీలో సంతకం చేసి, సహాయక సంరక్షకులను చేర్చదలిస్తే వారి పేర్లు ఇంట్లో మాట్లాడుకుని సిద్ధంగా ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ప్రిన్సిపాల్