అద్దం జమాఖర్చు

మొన్న చిన్నమ్మ వాళ్లింట్లో షోకేసు అద్దం పగిలితే, కొత్తది కోయించడానికి ఇద్దరం హన్మకొండలో ఒక గ్లాసు షాపుకు వెళ్లాం. అక్కడి అబ్బాయి 5 మిల్లీమీటర్ల అద్దాన్ని బల్ల మీద పరిచాడు. కట్టర్ మొనకున్న బుల్లి చక్రాన్ని కిరోసిన్‌లో ముంచి, స్కేలు ఆనించి, ఒక్క గీత లాగాడు. సర్రుమని చప్పుడు వచ్చింది. గీత కనిపించీ కనిపించనట్టుంది. దాన్ని బల్ల అంచు మీదికి జరిపి, బయటికొచ్చిన భాగాన్ని కిందికి నొక్కాడు. టక్. రెండు ముక్కలు.

"కోసినవా, విరిచినవా?" అంది చిన్నమ్మ.

"కోసుడేందమ్మా, జర గీకిన. విరిగింది అదే" అన్నాడతను.

వాపసు వచ్చేటప్పుడు ఆటోలో నన్ను పట్టుకుంది. "గీత పైపైన పడ్డది. మరి అడుగు దాక ఎట్ల చీలిందిరా? అది గూడ సక్కగ గీత ఎంబడే? నువ్వు కాలేజీల మెకానికల్ చెప్తవు గదా, చెప్పు."

నేను చెప్పే సబ్జెక్టులో ఈ ప్రశ్నకు జవాబు ఒక్క పేపర్‌లోంచి వచ్చింది. 1921లో ఇంగ్లండ్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రాసింది ఎ. ఎ. గ్రిఫిత్, విమానాల పరిశోధన జరిగే ఫార్న్‌బరోలో ఇంజినీరు. పేజీ తిప్పితే చాలు సమీకరణాలు ఎదురొస్తాయి, అందుకే మా పిల్లలు దాని జోలికే పోరు. లోపలి ఆలోచన మాత్రం రైతు లెక్కంత తేలిక.

ముందు చిక్కేంటో చూద్దాం. గాజులో అణువుల మధ్య పట్టును లెక్కగడితే, అది చాలా గట్టిగా ఉండాలి. నిజంగా లాగి చూస్తే అందులో నూరో వంతు దగ్గరే పుటుక్కుమంటుంది. ఎక్కడో లోపముంది. గ్రిఫిత్‌కు ముందే 1913లో ఇంగ్లిస్ అనే ఆయన ఒక సంగతి తేల్చాడు: పలక మీద సన్నని పగులు ఉంటే, లాగే బలమంతా దాని మొన దగ్గర పోగవుతుంది. ప్యాకెట్ అంచుకు చిన్న గంటు పెడితే అక్కడినుంచే చిరిగినట్టు. మొన ఎంత వాడిగా ఉంటే అక్కడ ఒత్తిడి అంత ఎక్కువ.

బాగానే ఉంది. కానీ ఈ లెక్కను చివరిదాకా లాగితే నవ్వొస్తుంది. మొన పూర్తిగా వాడిదైతే అక్కడి ఒత్తిడికి అంతూ పొంతూ ఉండదు. అంటే సన్న గీత పడ్డ గ్లాసును చేత్తో ముట్టుకున్నా పగలాలి. అలా పగలదుగా. ఇంకోటి, ఇంగ్లిస్ లెక్కలో పగులు ఆకారమే ముఖ్యం, సైజు కాదు. ఒకే ఆకారంలో ఉంటే వెంట్రుకంత పగులూ, వేలంత పగులూ సమానమే. అది తప్పని గిన్నెలు తోమేవాళ్లకు కూడా తెలుసు.

గ్రిఫిత్ ఇక్కడ ప్రశ్ననే మార్చేశాడు. మొన దగ్గర ఎంత ఒత్తిడి ఉందని అడగడం మానేసి, పగులు ఇంకాస్త సాగితే లాభమా నష్టమా అని అడిగాడు. నా దృష్టిలో పేపర్ మొత్తానికి అసలు తెలివి ఇదే. మిగతాది లెక్కలు.

చిన్నమ్మకు పరకాల వైపు ఎకరంన్నర చేను ఉంది. పందులు పడుతున్నాయని పోయినేడు చుట్టూ కంచె వేయించింది. అందుకే ఆ లెక్కలోనే చెప్పాను.

"చిన్నమ్మా, నాలుగు వైపులా సమానంగా ఉన్న చిన్న మడికి కంచె వేస్తే, కంచె ఖర్చుకు పంట సరిపోదు. అదే మడిని రెండు వైపులా రెట్టింపు చేస్తే?"

"కంచె రెండింతలైతది."

"పంట?"

కాసేపు వేళ్ల మీద లెక్కేసి, "నాలుగింతలు" అంది.

పగులు కథ ఇంతే. వంచిన అద్దంలో సాగదీసిన రబ్బరులో లాగా శక్తి దాగి ఉంటుంది. పగులు సాగినప్పుడు దాని చుట్టుపక్కల గాజు సడలి, ఆ శక్తి విడుదలవుతుంది. అది జమ. సడలే ప్రాంతం పగులుకు అటూ ఇటూ ఒక మడిలా ఉంటుంది కాబట్టి, పగులు పొడవు రెట్టింపైతే జమ నాలుగింతలు. ఇక ఖర్చు: పగులు సాగాలంటే అప్పటిదాకా అతుక్కుని ఉన్న గాజు విడిపోయి రెండు కొత్త ముఖాలు పుట్టాలి. దానికి శక్తి కావాలి. పొడవు రెట్టింపైతే ఖర్చు రెండింతలే.

పగులు చిన్నగా ఉన్నంతకాలం ఖర్చుదే పైచేయి, అందుకే గీత పడ్డ గ్లాసు అలాగే ఏళ్లు ఉంటుంది. ఒక పొడవు దాటాక ఇంకాస్త సాగితే వచ్చే జమ, అయ్యే ఖర్చును మించుతుంది. ఇక బయటినుంచి ఎవరూ అదనంగా తోయక్కర్లేదు, దానంతట అదే పరుగెత్తుతుంది. టక్ అన్నది ఆ పరుగే. బల్ల అంచు మీద కిందికి నొక్కినప్పుడు గీత ఉన్న పైముఖం సాగుతుంది కాబట్టి పగులు అక్కడే మొదలవుతుంది. ఇంతకన్నా వాడి మొన వేరే చోట లేదు కనుక పగులు గీత దారి తప్పదు.

ఈ జమాఖర్చు పేపర్‌లో ఇలా తేలుతుంది:

σ = √(2Eγ / πa)

ఎడమవైపున్నది పలకను విరిచే ఒత్తిడి. E గాజు బిరుసుతనం, γ కొత్త ముఖం పుట్టడానికి అయ్యే ఖర్చు, a పగులు పొడవులో సగం. a కింద ఉంది, పైగా వర్గమూలంలో. అంటే పగులు నాలుగింతలైతే బలం సగానికి పడిపోతుంది.

నాకు బాగా నచ్చేది ఆయన దీన్ని రుజువు చేసిన తీరు. గాజు గొట్టాలు, బుడ్డీలు తీసుకుని, వాటి మీద కావాలనే గీతలు పెట్టి, లోపల ద్రవాన్ని ఒత్తి పగలగొట్టాడు. పగుళ్లు 0.15 నుంచి 0.89 అంగుళాల దాకా. పొడవు మారినా, ఒత్తిడిని పొడవు వర్గమూలంతో గుణిస్తే ప్రతిసారీ దాదాపు ఒకే అంకె. తరువాత గాజును కరిగించి దారాలు తీశాడు. ఒక మిల్లీమీటరు మందం ఉన్నది చదరపు అంగుళానికి 24,900 పౌండ్ల దగ్గర తెగింది. మిల్లీమీటరులో మూడొందల వంతు మందానికి దిగిన దారం 4,91,000 దాకా ఆగింది. ఇరవై రెట్లు! సన్న దారంలో పెద్ద పగులు పట్టేంత చోటే లేదు మరి.

"అయితే మా స్టీలు బిందెకు సొట్టలు, గీతలు ఎన్ని లేవు? పగలదేం?" అంది చిన్నమ్మ. మంచి ప్రశ్న, గ్రిఫిత్ పేపర్ దీనికి చాలదు. ఉక్కులో పగులు మొన దగ్గర లోహం సాగి, వంగి, బోలెడు శక్తి తినేస్తుంది. ఖర్చు ఖాతాలో దాన్ని కూడా కలపాలని 1950లలో అమెరికాలో ఇర్విన్ వంటివాళ్లు చూపించాక ఇది ఉక్కుకు కూడా పనికొచ్చింది. రైలు పట్టాల లోపలి పగుళ్లను అల్ట్రాసౌండ్‌తో వెతికి, అవి హద్దు దాటకముందే పట్టా మార్చే పద్ధతికి వెనకున్న లెక్క ఇదే తరహా.

ఇంటి దగ్గర అద్దం దించుతుంటే చిన్నమ్మ అంచు మీద వేలు రాసి చూసింది. షాపు అబ్బాయి కోశాక అంచులన్నీ సానరాయితో రుద్ది ఇచ్చాడు.

"చేతులు తెగకుండ రుద్దిండనుకున్న. అంచుకున్న సన్న సన్న పగుళ్లు పోవడానిక్కూడనా?"

"రెండింటికీ" అన్నాను.

"గా ముక్క ముందే చెప్పాల్సింది. పోయిన అద్దానికి రుద్దించనే లేదు" అని లోపలికి పోయింది.