పరికల్పన పరీక్ష: ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు

(డిగ్రీ స్టాటిస్టిక్స్ విద్యార్థులకు. ఒక కాగితం, ఒక పెన్సిలు, టి-పట్టిక దగ్గర పెట్టుకుని చదవండి.)

పుస్తకంలో ఈ అధ్యాయం సూత్రాలతో మొదలవుతుంది. అందుకే చాలామంది సూత్రం పట్టుకుని లెక్కలోకి దిగుతారు; అసలు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నామో చివర్లో ఆలోచిస్తారు. ఈ కాగితంలో లెక్క ఏడో మెట్టు దాకా రాదు. మొదటి నాలుగు మెట్లు నమూనా అంకెలు కంటబడక ముందే తేల్చుకోవలసినవి.

నడిపించే ఉదాహరణ ఒక్కటే. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక పల్లెలో 16 బోర్ల నుంచి నీళ్లు పట్టి ఫ్లోరైడ్ కొలిచామనుకుందాం. అంకెలు సాధన కోసం వేసుకున్నవి. హద్దు మాత్రం నిజమైనది: తాగునీటికి భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతి ఉంది. మనం 1.5 తీసుకుందాం.

మెట్టు 1. మీ ప్రశ్న సగటు గురించా, నిష్పత్తి గురించా, మరొకదాని గురించా?

ఇది తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది కానీ కాదు. "ఈ ఊరి బోర్లలో సగటు ఫ్లోరైడ్ 1.5 దాటిందా?" అనేది సగటు ప్రశ్న. "ఎన్నో వంతు బోర్లు 1.5 దాటాయి?" అనేది నిష్పత్తి ప్రశ్న. సగటు 1.4 ఉన్న ఊళ్లో కూడా ఒక బోరులో 3 ఉండవచ్చు. ఆ బోరు నీళ్లు తాగే ఇంటికి ఊరి సగటు ఏ మేలూ చేయదు. మనం సగటునే తీసుకుంటున్నాం, ఎందుకంటే ఈ అధ్యాయం అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న ఒక్క వాక్యంలో రాయగలిగితే మెట్టు 2కు వెళ్లండి. రాయలేకపోతే ఇక్కడే ఆగండి. మసకగా ఉన్న ప్రశ్నను ఏ పరీక్షా తేటపరచదు.

మెట్టు 2. శూన్య పరికల్పన స్థానంలో ఎవరిని కూర్చోబెడుతున్నారు?

శూన్య పరికల్పన (H₀) అంటే, గట్టి సాక్ష్యం దొరికేదాకా మనం పట్టుకుని ఉండే మాట. దానికి ఎదురు నిలిచేది ప్రత్యామ్నాయ పరికల్పన (H₁). సమానత్వం గుర్తు ఎప్పుడూ H₀ వైపే ఉంటుంది. ఇంతవరకు పుస్తకం చెబుతుంది. రుజువు చేసే భారం ఎవరి మీద పడుతుందన్నది మాత్రం సాధారణంగా వదిలేస్తుంది.

మొదటి పద్ధతి: H₀: μ ≤ 1.5, H₁: μ > 1.5. అంటే నీళ్లు బాగానే ఉన్నాయనుకుని, బాగాలేవని రుజువు అడుగుతున్నాం.

రెండో పద్ధతి: H₀: μ ≥ 1.5, H₁: μ < 1.5. అంటే నీళ్లు బాగాలేవనుకుని, బాగున్నాయని రుజువు అడుగుతున్నాం.

ఒకే ఊరు, ఒకే బోర్లు. కానీ నమూనా సగటు 1.45 వచ్చిందనుకోండి. మొదటి పద్ధతిలో నీళ్లు చెడ్డవని తేలదు. దాన్ని చూసి ఎవరో ఒకరు "పరీక్ష చేశాం, నీళ్లు భేష్" అంటారు. రెండో పద్ధతిలో అదే 1.45తో నీళ్లు మంచివనీ తేలదు. (ప్రామాణిక విచలనం 0.24 అయితే, 16 బోర్లతో మంచివని తేలడానికి సగటు సుమారు 1.395 కన్నా తక్కువ రావాలి. మెట్టు 7 అయ్యాక వెనక్కి వచ్చి మీరే సరిచూసుకోండి.)

ఎముకలు వంగిపోయిన మనుషులను రెండు మూడు తరాలుగా చూసిన జిల్లా మనది. ఇక్కడ రెండో పద్ధతే న్యాయమని నా అభిప్రాయం. పరీక్ష పేపరులో మాత్రం ప్రశ్న ఎలా అడిగితే అలా రాయండి: "దాటిందని చెప్పగలమా?" అని ఉంటే మొదటి పద్ధతి. మనమూ దానితోనే ముందుకు పోదాం.

మెట్టు 3. ఒక వైపా, రెండు వైపులా?

"దాటిందా", "తగ్గిందా", "పెరిగిందా" అని ఉంటే ఒక వైపు పరీక్ష. "తేడా ఉందా", "మారిందా" అని ఉంటే రెండు వైపుల పరీక్ష. ఎటూ తేల్చుకోలేకపోతే రెండు వైపులదే తీసుకోండి. అంకెలు చూశాక వైపు ఎంచుకోవడం మాత్రం కుదరదు. ఎందుకు కుదరదో మెట్టు 8లో స్పష్టంగా కనిపిస్తుంది.

మెట్టు 4. ఎంత పొరపాటుకు ఒప్పుకుంటారు?

H₀ నిజమైనా దాన్ని తిరస్కరించడం మొదటి రకం దోషం. H₀ తప్పయినా దాన్ని తిరస్కరించకపోవడం రెండో రకం దోషం. మొదటి రకం దోషానికి మీరు ఇచ్చే గరిష్ఠ అవకాశమే సార్థకతా స్థాయి, α.

0.05 అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1925లో ఫిషర్ తన పుస్తకంలో వీలుగా ఉంటుందని వాడాడు. ఆ తర్వాత అందరికీ అలవాటైపోయింది. నేమన్, పియర్సన్‌లు 1933లో రెండు దోషాలనూ పక్కపక్కన పెట్టి తూచే పద్ధతిని గట్టి చేశారు. α తగ్గిస్తే, నమూనా పరిమాణం అదే ఉన్నంతవరకు, రెండో రకం దోషం పెరుగుతుంది. మొదటి పద్ధతిలో రెండో రకం దోషమంటే చెడ్డ నీళ్లను పట్టుకోలేకపోవడం. అలాంటి చోట α = 0.01 పెట్టుకుని మహా జాగ్రత్త పాటించామనుకోవడం పొరపాటు.

మనం α = 0.05 రాసుకుందాం. తేదీ కూడా వేయండి.

మెట్టు 5. ఏ పరీక్ష?

ఒక సగటును ఒక అంకెతో పోలుస్తున్నారా? మొత్తం సమష్టి ప్రామాణిక విచలనం σ తెలిస్తే జడ్-పరీక్ష, తెలియకపోతే టి-పరీక్ష. నిజ జీవితంలో σ తెలియడం అరుదు. నమూనా 30 దాటితే పుస్తకాలు జడ్ వాడమంటాయి. అక్కడ రెండింటికీ తేడా స్వల్పమే. చిన్న నమూనాల బాధ మొదట గట్టిగా తగిలింది డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గోసెట్‌కు. 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఆయన ప్రచురించిన పనే ఈ టి-పరీక్షకు మూలం.

రెండు సగటులను పోలుస్తున్నారా? అయితే ఇంకో ప్రశ్న: రెండు జట్లూ వేర్వేరా, జతలుగా ఉన్నాయా? దేవరకొండ వైపు పత్తి దిగుబడినీ అచ్చంపేట వైపు దిగుబడినీ పోలిస్తే వేర్వేరు జట్లు. అదే బిందె నీళ్లలో పటిక, సున్నం కలపక ముందు, కలిపాక ఫ్లోరైడ్ కొలిస్తే (నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు) అవి జతలు. జతలైతే ప్రతి బిందెకూ తేడా కట్టి, ఆ తేడాల మీద ఒకే టి-పరీక్ష చేయాలి. జతలను విడదీసి వేర్వేరు జట్లుగా లెక్కకడితే, బిందెకూ బిందెకూ మధ్య ఉన్న తేడాలు అసలు మార్పును మింగేస్తాయి.

మూడు లేదా అంతకన్నా ఎక్కువ సగటులా? విస్తృతి విశ్లేషణ. నిష్పత్తులా, అంటే నాటిన పల్లి గింజల్లో ఎన్నో వంతు మొలిచాయనే లాంటివా? నిష్పత్తి జడ్-పరీక్ష. గడుల్లో లెక్కించిన సంఖ్యలా? కై-వర్గ పరీక్ష, ప్రతి గడిలో ఆశించిన సంఖ్య కనీసం 5 ఉండాలి.

మనది ఒక సగటు, σ తెలియదు. టి-పరీక్ష. మెట్టు 6కు.

మెట్టు 6. నమూనా ఈ పరీక్షకు తగినదేనా?

బోర్లను చిట్టీ వేసి ఎంచుకున్నారా, రోడ్డు పక్కన దొరికినవే పట్టుకొచ్చారా? ఒకే బోరు నుంచి 16 సీసాలు నింపితే అవి 16 పరిశీలనలు కావు. ఒకే పరిశీలనను 16 సార్లు రాసుకున్నట్టే. అలా జరిగితే వెనక్కి వెళ్లి మళ్లీ నీళ్లు పట్టుకు రండి. లెక్కతో దాన్ని బాగుచేసే దారి లేదు.

తర్వాత 16 విలువలనూ ఒక గీత మీద చుక్కలుగా పెట్టి చూడండి. ఒక్క చుక్క మిగతావాటికి చాలా దూరంగా ఉంటే చిన్న నమూనాలో టి-పరీక్ష ఫలితాన్ని నమ్మలేం. ఆ చుక్కను ఎత్తి పారేయకండి. ముందు కొలతలో పొరపాటేమో కనుక్కోండి.

మెట్టు 7. లెక్క.

నమూనా సగటు 1.62, ప్రామాణిక విచలనం 0.24, n = 16.

```
t = (1.62 - 1.50) / (0.24 / √16)
  = 0.12 / 0.06
  = 2.00
స్వేచ్ఛా స్థాయి = 16 - 1 = 15
```

మెట్టు 8. పోల్చండి.

ఒక వైపు పరీక్షకు, 15 స్వేచ్ఛా స్థాయి దగ్గర, 5 శాతానికి పట్టికలోని సందిగ్ధ విలువ 1.753. మన 2.00 దాన్ని దాటింది. H₀ తిరస్కృతం. మెట్టు 9కు వెళ్లండి.

ఇప్పుడు అదే పట్టికలో రెండు వైపుల పరీక్ష విలువ చూడండి: 2.131. మన 2.00 దాన్ని దాటదు. అవే బోర్లు, అవే నీళ్లు, వైపు మార్చగానే తీర్పు మారింది. ఒక శాతం దగ్గర ఒక వైపు విలువ 2.602, అదీ దాటదు. మొదటి నాలుగు మెట్లు అంకెల కన్నా ముందే ఎందుకు రాయమన్నానో ఇదే కారణం. తనకు కావలసిన జవాబు వచ్చేదాకా వైపునూ స్థాయినీ మార్చుకునేవాడు పరీక్ష చేయడం లేదు, బేరమాడుతున్నాడు.

కంప్యూటర్ అయితే పి-విలువ ఇస్తుంది: ఒక వైపుకు సుమారు 0.03. దాని అర్థం "నీళ్లు బాగుండే అవకాశం 3 శాతం" అని కాదు. నిజమైన సగటు సరిగ్గా 1.5 అయి ఉంటే, ఇలాంటి నమూనాలో t విలువ 2.00 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చే అవకాశం 3 శాతం అని. ఈ రెండు వాక్యాలకు తేడా తెలియని వాళ్లకు నేను మార్కులు తగ్గిస్తాను.

పోలిక దాటకపోతే మెట్టు 10కు.

మెట్టు 9. తిరస్కరించారు. ఎంత తేడా?

ఆధిక్యం ఉందని తేలింది, అది ఎంతో తేలలేదు. 95 శాతం విశ్వాస అంతరం కట్టండి: 1.62 ± 2.131 × 0.06, అంటే సుమారు 1.49 నుంచి 1.75 దాకా. ఇది రెండు వైపుల అంతరం కాబట్టే 1.5 కూడా ఇందులో పడింది. జవాబులో ఇది కూడా రాయండి. ఇలాగే 20 ఊళ్లకు వేర్వేరు పరీక్షలు చేసి ఉంటే మాత్రం ఆగండి: అన్ని ఊళ్లలోనూ సగటు సరిగ్గా హద్దు మీదే ఉన్నా, కనీసం ఒక ఊరికి తప్పుడు హెచ్చరిక వచ్చే అవకాశం 64 శాతం.

మెట్టు 10. తిరస్కరించలేకపోయారు. నమూనా సరిపడినంత పెద్దదేనా?

"H₀ నిజమని రుజువైంది" అని రాయకండి. "H₀ను తిరస్కరించడానికి ఈ నమూనాలో చాలినంత సాక్ష్యం లేదు" అని రాయండి. నిజంగా 0.12 ఎక్కువ ఉన్న ఊరిని పదిలో ఎనిమిది సార్లు పట్టుకోవాలంటే, విచలనం 0.24 అయితే, 25కు పైగా బోర్లు కావాలి. 16తో మొదలుపెట్టడమే తక్కువ. ఈ లెక్కను నీళ్లు పట్టుకు రావడానికి బయలుదేరే ముందే వేసుకోవాలి.

సాధన

వానాకాలం తర్వాత అవే 16 బోర్లలో మళ్లీ కొలిచారు. "ఫ్లోరైడ్ తగ్గిందా?" అనేది ప్రశ్న. మెట్టు 2లో H₀ ఏమిటి, మెట్టు 3లో ఏ వైపు, మెట్టు 5లో ఏ కొమ్మ? జవాబులో టి-పరీక్ష అని మాత్రమే రాస్తే సగం మార్కులే. జతల సంగతీ రాయాలి.