విషయం: చెల్లింపు మోసం త్రుటిలో తప్పిన ఘటన, 24 గంటల నిఘాకు బడ్జెట్

బోర్డు సభ్యులకు నమస్కారం.

మూడు వారాల కిందట మన సంస్థ ఒక నెల జీతాలకు సరిపడా డబ్బు పోగొట్టుకునేది. దాన్ని ఆపింది మా భద్రతా విభాగం కాదు, అకౌంట్స్‌లో ఒక ఉద్యోగినికి వచ్చిన అనుమానం.

కొనుగోళ్ల విభాగంలో ఒకరు నకిలీ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్, దాంతోపాటు ఓటీపీ కూడా కొట్టారు. పేజీ అచ్చం మనదిలాగే ఉంది. ఆయన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అలా మెయిల్‌లోకి దూరిన దొంగ, ఇన్‌వాయిస్‌ల మెయిల్స్ అన్నీ తనకు చేరేలా ఒక రూల్ పెట్టుకుని 11 రోజులు చదివాడు. చెల్లింపుకు సరిగ్గా రెండు రోజుల ముందు, సరఫరాదారు పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని రాశాడు. ఆ ఉద్యోగిని సరఫరాదారుకు మన దగ్గరున్న పాత నంబరుకే ఫోన్ చేసి అడగడంతో గుట్టు బయటపడింది. ఆమె ఆ రోజు సెలవులో ఉంటే డబ్బు వెళ్లిపోయేదే.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తర్వాత తెలిసిన విషయం. ఆయన ఆఫీసులో లాగిన్ అయిన 40 నిమిషాలకే అదే ఖాతా వేరే దేశంలో తెరుచుకుంది. ఆ రాత్రే మెయిల్ రూల్ పడింది. రెండూ మన లాగ్‌లలో, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టమ్ రాసుకునే రికార్డుల్లో, మొదటి రోజు నుంచే ఉన్నాయి. చూసేవాళ్లే లేరు. అప్పటికి మేం ముగ్గురం పగలు మిగతా పనుల మధ్య వీలైనంత చూసేవాళ్లం. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ఎవరూ చూసేవారు కాదు. పైగా లాగ్‌లు 30 రోజులే దాస్తున్నాం. దొంగ ఇంకో నెల ఓపిక పట్టి ఉంటే, ఎలా వచ్చాడో కూడా మనకు తెలిసేది కాదు.

ఖర్చు లేని పనులు అయిపోయాయి. ఖాతా మార్పుకు ఇద్దరి ఆమోదం, పాత నంబరుకు ఫోన్ తప్పనిసరి చేశాం. మెయిల్స్ బయటికి వాటంతటవే వెళ్లకుండా ఆపేశాం.

ఇక బడ్జెట్ కావలసింది మూడింటికి: 24 గంటలూ కనిపెట్టుకుని ఉండే బయటి నిఘా సేవ, లాగ్‌లు ఏడాది దాచే సదుపాయం, మా టీమ్‌లో ఇంకొక మనిషి. ఏడాదికి అన్నీ కలిపి, ఆ రోజు పోబోయిన మొత్తంలో సుమారు మూడో వంతు అవుతుంది. మూడూ ఒకేసారి కుదరకపోతే నిఘా సేవకే ముందు ఆమోదం ఇవ్వండి. ఒక మనిషిని తీసుకున్నంత మాత్రాన రాత్రిళ్లు చూసేవారు దొరకరు.

దీంతో ఎవరూ లోపలికి రాలేరని నేను హామీ ఇవ్వలేను. ఇలాంటి చొరబాటు 11 రోజులకు కాక గంటలోపే మన కంటపడాలన్నది లక్ష్యం, ఆ బాధ్యత నాది. ఎంతసేపటికి గమనించామో, ఎంతసేపటికి ఆపామో మూడు నెలలకోసారి బోర్డుకు లెక్క చెబుతాను.

రెండు సంస్థల కొటేషన్లు జతచేశాను. వచ్చే సమావేశంలో 15 నిమిషాలు కేటాయించమని కోరుతున్నాను. ఆమోదం వచ్చాక సేవ మొదలవడానికి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా రాత్రిళ్లు మేం ముగ్గురమే వంతులవారీగా చూస్తున్నాం. ఇలా ఎక్కువ కాలం నెట్టుకురాలేం.

ఇట్లు
సమాచార భద్రతా విభాగం అధిపతి