రక్తపరీక్ష రిపోర్టు: తెలుగు అనువాదం, వివరణ

పరీక్ష చేయించుకున్నవారు: స్త్రీ, 47 ఏళ్లు
రక్తం ఇచ్చిన సమయం: 2025 జులై 14, ఉదయం 7.40, పరగడుపున

అమ్మా, మీ ఇంగ్లీషు రిపోర్టులోని ఫలితాలను తెలుగులో రాసి, వాటి అర్థాన్ని పక్కనే వివరించాను. డాక్టరుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు అసలు రిపోర్టునూ దీనినీ కలిపి తీసుకువెళ్లండి.

రిపోర్టులో ప్రతి పరీక్షకూ మీ ఫలితం, దాని కొలమానం, సాధారణ పరిధి అని మూడు గడులు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నవారిని చాలామందిని పరీక్షించి, వారిలో నూటికి 95 మంది ఫలితాలు ఏ రెండు అంకెల మధ్య ఉన్నాయో చూసి సాధారణంగా ఈ పరిధిని నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని వారిలోనూ నూటికి అయిదుగురి ఫలితం పరిధి దాటి ఉండవచ్చు. ఫలితం పక్కన "ఎల్" అక్షరం ఉంటే పరిధికన్నా తక్కువని, "హెచ్" ఉంటే ఎక్కువని అర్థం. ఆ అక్షరం జబ్బు పేరు కాదు, ఆ అంకెను శ్రద్ధగా చూడమని చెప్పే గుర్తు మాత్రమే.

హిమోగ్లోబిన్: 9.4 గ్రాములు/డెసీలీటరు. పరిధి: 12.0–15.0. తక్కువ.
డెసీలీటరు అంటే 100 మిల్లీలీటర్లు. మీ రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 9.4 గ్రాముల హిమోగ్లోబిన్ ఉందన్నమాట. ఒంట్లోని అన్ని భాగాలకూ ప్రాణవాయువును మోసుకుపోయేది ఇదే. ఇక్కడ ఇచ్చిన పరిధి స్త్రీలది, పురుషులకు వేరే పరిధి ఉంటుంది కనుక మీవారి రిపోర్టుతో పోల్చుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భవతులు కాని స్త్రీలకు 8.0 నుంచి 10.9 వరకు ఉంటే అది మధ్యస్థాయి రక్తహీనత. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మీరు చెప్పిన మాటకు ఇది కారణం కావచ్చు.

ఎర్రకణం సగటు పరిమాణం (ఎం.సి.వి.): 71 ఫెమ్టోలీటర్లు. పరిధి: 83–101. తక్కువ.
ఫెమ్టోలీటరు ఊహకందనంత చిన్న కొలత, దాన్ని గుర్తుపెట్టుకోనక్కరలేదు. మీ ఎర్రకణాలు ఉండవలసినదానికన్నా చిన్నవిగా ఉన్నాయని తెలిస్తే చాలు.

ఫెరిటిన్: 7 నానోగ్రాములు/మిల్లీలీటరు. పరిధి: 15–150. తక్కువ.
ఇది ఒంట్లో దాచుకున్న ఇనుము నిల్వను చూపుతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఒంట్లో వాపో ఇన్‌ఫెక్షనో ఉంటే ఈ అంకె పెరిగి నిజాన్ని కప్పిపుచ్చవచ్చు గాని, ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఇనుము తగ్గిందనే అర్థం. నా దృష్టిలో ఈ రిపోర్టులో అన్నిటికన్నా ముఖ్యమైన వరుస ఇదే, ఎందుకంటే పై రెండు ఫలితాలకూ దారి చూపేది ఇది. నెలసరిలో ఎక్కువగా రక్తం పోతున్నా, మలం నల్లగా వస్తున్నా, నొప్పి మాత్రలు తరచుగా వేసుకుంటున్నా మొహమాటపడకుండా డాక్టరుగారికి చెప్పండి. ఇనుము ఎందుకు తగ్గిందో తెలుసుకోకుండా సొంతంగా మాత్రలు మొదలుపెట్టవద్దు.

ప్లేట్‌లెట్లు: మైక్రోలీటరుకు 462 వేలు. పరిధి: 150–410 వేలు. ఎక్కువ.
మీ పాత రిపోర్టులో ఇదే పరీక్షకు 3.8 అని ఉంది. 3.8 నుంచి 462కు పెరిగిందని మీరు కంగారుపడ్డారు. ఆ ల్యాబు లక్షల్లో వేసింది, ఈ ల్యాబు వేలల్లో వేసింది. ఒకే కొలమానంలో చూస్తే 3.8 లక్షలు ఇప్పుడు 4.62 లక్షలయ్యాయి, అంతే తేడా. ఇనుము తక్కువైనవారిలో ప్లేట్‌లెట్లు ఇలా కొద్దిగా పెరగడం మామూలే.

పరగడుపు చక్కెర: 94 మిల్లీగ్రాములు/డెసీలీటరు. పరిధి: 70–99. పరిధిలోనే ఉంది.

హెచ్‌బీఏ1సీ: 6.1 శాతం. పరిధి: 5.7 కన్నా తక్కువ. ఎక్కువ.
ఇది సుమారు గత మూడు నెలల చక్కెర సగటును తెలిపే పరీక్ష. శాతం అంటే ఇక్కడ చక్కెర అంటుకున్న హిమోగ్లోబిన్ వాటా. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు, 6.5 ఆపైన ఉంటే మధుమేహాన్ని అనుమానించి మరోసారి నిర్ధారించుకుంటారు. అయితే ఇనుము లోపం ఉన్నవారిలో ఈ అంకె అసలుకన్నా ఎక్కువగా కనిపించవచ్చు. మీ పరగడుపు చక్కెర మామూలుగానే ఉంది కనుక, రక్తహీనత తగ్గిన తరువాత ఈ పరీక్షను మళ్లీ చేయించాలా అని డాక్టరుగారిని తప్పక అడగండి.

తెల్లకణాలు (మైక్రోలీటరుకు 7,800, పరిధి 4,000–10,000), క్రియాటినిన్ (0.7 మిల్లీగ్రాములు/డెసీలీటరు, పరిధి 0.6–1.1) రెండూ పరిధిలోనే ఉన్నాయి. క్రియాటినిన్ మూత్రపిండాల పనితీరును తెలుపుతుంది.

మళ్లీ పరీక్ష చేయించవలసివస్తే వీలైనంతవరకు ఇదే ల్యాబులో చేయించండి. యంత్రాన్ని, పద్ధతిని బట్టి ఒక్కో ల్యాబు పరిధి కొంత మారుతుంది కనుక, ఒకేచోట చేయించిన ఫలితాలను పోల్చడం డాక్టరుగారికి తేలిక.