సార్, లెక్క ఫోటో పోయింది, మొత్తం టైప్ చేసి పంపుతున్నాను

సార్, నమస్తే. నేను కూర్మన్నపాలెం అమ్మాయిని, టెన్త్‌లో మీ దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేదాన్ని. ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. మొన్న వీక్లీ టెస్ట్‌లో వచ్చిన మోల్ కాన్సెప్ట్ లెక్క ఫోటో తీసి పంపుతానన్నాను కదా, ఆ ఫోటో ఇప్పుడు లేదు. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని తమ్ముడు గ్యాలరీ మొత్తం ఖాళీ చేశాడు, ట్రాష్‌తో సహా. క్వశ్చన్ పేపరేమో కాలేజీలోనే వెనక్కి తీసేసుకున్నారు. నా దగ్గర మిగిలింది రఫ్ షీట్ ఒక్కటే. అదీ క్యారేజీ పక్కన మడిచి పెట్టడం వల్ల దాని మీద పులుసు కారింది. అందుకే అంకెలన్నీ చూసుకుని, సరిపోల్చుకుని టైప్ చేస్తున్నాను. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోకండి.

లెక్క ఇది. 100 గ్రాముల ఇనుప ఖనిజంలో 80 శాతం Fe₂O₃, మిగతాది రియాక్షన్‌లో పాల్గొనని మలినం. దాన్ని 33.6 గ్రాముల CO తో వేడి చేశారు. లిమిటింగ్ రియేజెంట్ ఏది, ఇనుము ఎన్ని గ్రాములు రావాలి, ఏది ఎంత మిగులుతుంది, ఎస్‌టీపీ దగ్గర CO₂ ఎన్ని లీటర్లు, నిజంగా వచ్చిన ఇనుము 40.32 గ్రాములైతే పర్సెంటేజ్ యీల్డ్ ఎంత అని అడిగారు. అటామిక్ మాస్‌లు Fe 56, O 16, C 12 అని పేపర్‌లోనే ఇచ్చారు.

బ్యాలెన్స్ చేసిన ఈక్వేషన్:

Fe₂O₃ + 3CO → 2Fe + 3CO₂

రెండు వైపులా లెక్కపెట్టాను. Fe రెండు, C మూడు, O ఆరు. ఇందులో తప్పు లేదు.

33.6 దగ్గరే పులుసు మరక పడింది సార్. 33.6 అయినా కావచ్చు, 38.6 అయినా కావచ్చు అన్నట్టుంది. 38.6 ని 28 తో భాగిస్తే 1.378 అని ఏదో వస్తుంది, ఎటూ తెగదు. 33.6 అయితే సరిగ్గా 1.2 మోల్స్. పైగా కీలో ఇనుము 44.8 గ్రాములని ఇచ్చారు, అది 33.6 తోనే వస్తుంది. కాబట్టి 33.6 అన్నది ఖాయం.

ఇక నేను పరీక్షలో చేసింది చెప్తాను. Fe₂O₃ మోలార్ మాస్ 160. 80 గ్రాములంటే 0.5 మోల్. CO 1.2 మోల్స్. 0.5 తక్కువ కాబట్టి Fe₂O₃ నే లిమిటింగ్ అనుకుని ముందుకెళ్లిపోయాను. ఒక మోల్ ఇనుము, 56 గ్రాములు. యీల్డ్ 40.32 బై 56, అంటే 72 శాతం. ఆప్షన్లలో 72 కనబడేసరికి ఇక అనుమానమే రాలేదు. కీ చూస్తే 90.

ఇంటికొచ్చాక మీరు ఎప్పుడూ చెప్పే పని చేశాను, మాస్‌లు కూడి చూశాను. మనం వేసింది 80, 33.6 కలిపి 113.6 గ్రాములు. నా ఆన్సర్ ప్రకారం ఇనుము 56, CO₂ 1.5 మోల్స్ అంటే 66, మొత్తం 122 గ్రాములు. వేసిన దానికంటే 8.4 గ్రాములు ఎక్కువ! 8.4 గ్రాములంటే సరిగ్గా 0.3 మోల్ CO. నా దగ్గర లేని CO ని నేను వాడేశానన్నమాట. అది చూశాక చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పటికి నాన్న సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చారు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో గోదావరి ఫర్నేస్ దగ్గర చేస్తారు. "ఏటమ్మా, ఇంకా పడుకోలేదా?" అని అడిగితే ఈక్వేషన్ చూపించాను. ఆయనకి మోల్స్ తెలియవు. కానీ "కోక్ తగ్గితే ఖనిజం ఎంత పోసినా ఇనుము దిగదమ్మా" అన్నారు. కోక్ మండితేనే కదా ఈ CO వచ్చేది! ఆ మాటతో నాకు దారి దొరికింది. ఒక మోల్ Fe₂O₃ కి మూడు మోల్స్ CO కావాలి. 0.5 కి 1.5 కావాలి, ఉన్నది 1.2. కాబట్టి లిమిటింగ్ CO. ఇనుము 0.8 మోల్, 44.8 గ్రాములు. Fe₂O₃ 0.4 మోలే వాడుతుంది, 0.1 మోల్ అంటే 16 గ్రాములు మిగులుతుంది. CO₂ 1.2 మోల్స్, 52.8 గ్రాములు. 44.8, 52.8, 16 కూడితే మళ్లీ 113.6. ఈసారి సరిపోయింది సార్.

మోల్స్‌ని వాటి కోఎఫిషియెంట్‌తో భాగించి, ఏది చిన్నదైతే అది లిమిటింగ్ అనుకోవచ్చా? ఇక్కడ 0.5 బై 1 అంటే 0.5, 1.2 బై 3 అంటే 0.4. CO చిన్నది. ఆన్సర్ సరిపోయింది కానీ, అన్ని రియాక్షన్లకీ ఇది పనికొస్తుందో లేదో మీరు చెప్తే ధైర్యంగా వాడతాను.

అసలు డౌట్ యీల్డ్ దగ్గర ఉంది. మా ఫ్రెండ్ 72 శాతమే కరెక్ట్ అని వాదిస్తోంది. ఖనిజంలో ఉన్న ఇనుము మొత్తం 56 గ్రాములు కదా, అందులో 40.32 చేతికొచ్చింది, మరి 72 ఎందుకు కాదు అంటుంది. నాకేమో అది వేరే ప్రశ్నకి జవాబు అనిపిస్తోంది. ఖనిజంలోని ఇనుములో ఎంత రాబట్టాం అంటే 72. కానీ ఉన్న CO తో మహా అయితే 44.8 గ్రాములే వస్తుంది. అందులో ఎంత వచ్చింది అంటే 90. యీల్డ్ అంటే రెండోదే అని తనతో చెప్పాను కానీ తను ఒప్పుకోలేదు. మీరు చెప్తే వింటుంది.

ఇంకొకటి, CO₂ వాల్యూమ్. 22.4 తో అయితే 26.88 లీటర్లు, 22.7 తో అయితే 27.24. ఆప్షన్లలో రెండూ ఉన్నాయి, కీలో 26.88 ఇచ్చారు. మా టెక్స్ట్‌బుక్‌లో ఎస్‌టీపీ అంటే 1 బార్ అని, 22.7 అని ఉంది. పేపర్‌లో 1 అట్మాస్ఫియర్ అని ఇచ్చి ఉంటే 22.4 సరే. కానీ ఆ మాట నేను రఫ్ షీట్‌లో రాసుకోలేదు, గుర్తూ లేదు. ప్రెజర్ ఏమీ ఇవ్వకుండా వట్టి ఎస్‌టీపీ అని మాత్రమే ఉంటే ఏది వేయాలి?

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇదే చాప్టర్ మీద రీటెస్ట్ ఉంది. శనివారం రాత్రి లోపు వీలైనప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు సార్. మళ్లీ డిలీట్ అవకుండా ఈ లెక్క మొత్తం నోట్‌బుక్‌లో ఎక్కించేశాను, మీరు చెప్పింది దాని పక్కనే రాసుకుంటాను.